అప్పు తీర్చాలా, ఫండ్‌లో పెట్టాలా?

ఇరవై ఏళ్ల గడువుతో, 8.5 శాతం వడ్డీకి 40 లక్షల గృహరుణం తీసుకుంటే నెల కిస్తీ సుమారు 34,700 రూపాయలు. తొలినాళ్లలోనే చేతికొచ్చిన 5 లక్షలు అసలుకు కట్టి, కిస్తీ మార్చకపోతే అప్పు అయిదేళ్లకు పైగా ముందే తీరుతుంది. మిగిలే వడ్డీ దాదాపు 16 లక్షల పైమాటే. అయితే కిస్తీ తగ్గించకుండా గడువే తగ్గించమని బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి. కిస్తీ తగ్గిస్తే ఈ లాభం చాలావరకు పోతుంది.

ఇప్పుడు ఫండ్ వైపు చూద్దాం. ఈక్విటీ ఫండ్‌లో దీర్ఘకాల లాభం ఏడాదికి 1.25 లక్షలు దాటితే 12.5 శాతం పన్ను ఉంది. అది పోను అప్పు తీర్చినంత లాభం రావాలంటే ఫండ్ ఏటా సగటున తొమ్మిదిన్నర శాతం దాకా పెరగాలి. అప్పు తీర్చితే మిగిలేది ఖాయం, ఫండ్ రాబడి ఖాయం కాదు.

పాత పన్ను విధానంలో వడ్డీ మినహాయింపు పోతుందని కొందరు వెనకాడతారు. సొంతంగా ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపు 2 లక్షలకే పరిమితం. ఈ అప్పుపై మొదటి ఏడాది వడ్డీయే 3 లక్షలు దాటుతుంది కాబట్టి, 5 లక్షలు కట్టినా అప్పటికి పోయేదేమీ లేదు.

నా సలహా: ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. మార్కెట్ పడినా పదేళ్లు ముట్టుకోననే ధైర్యం లేకపోతే అప్పే తీర్చండి.