ఫిర్యాదు పెట్టిన నిమిషానికే జవాబా? ఆగి చూడండి!

మీది రాజోలు దగ్గరి నగరం అనుకుందాం. ఆదివారం హైదరాబాద్‌లో పోటీ పరీక్ష ఉంది. కోనసీమకు ఇంకా రైలు రాలేదు కాబట్టి దిండి-చించినాడ వంతెన దాటి, పాలకొల్లు వెళ్లి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మీకూ స్నేహితుడికీ కలిపి టికెట్లు బుక్ చేశారు. యూపీఐలో రూ.830 కట్ అయ్యాయి, టికెట్ మాత్రం రాలేదు. చేతిలో ఉన్నవే ఆ డబ్బులు. గాభరాగా స్క్రీన్‌షాట్ తీసి, ఎక్స్ (పాత ట్విటర్)లో @IRCTCofficial ను ట్యాగ్ చేసి, ‘డబ్బులు పోయాయి, టికెట్ రాలేదు, నా నంబర్ ఇదీ’ అని పోస్ట్ పెట్టేశారు.

నిమిషం తిరక్కుండానే జవాబు వచ్చింది. ఐఆర్‌సీటీసీ లోగో ఉంది. ‘అసౌకర్యానికి క్షమించండి. మీ రిఫండ్ కోసం మా సీనియర్ అధికారితో డీఎంలో మాట్లాడండి’ అని ఎంతో మర్యాదగా రాశారు. ఇంత త్వరగా స్పందించారే అని సంబరపడతాం కదా? జాగ్రత్తపడాల్సింది సరిగ్గా అక్కడే. ఇది ఉదాహరణ కోసం చెప్పిన కథే అయినా, ఇందులోని ప్రతి మెట్టూ నిజంగా జరుగుతున్నదే.

2022 జనవరిలో ముంబయికి చెందిన ఒక మహిళ తన రైలు టికెట్లు ఆర్‌ఏసీలో ఉన్నాయని, కన్ఫర్మ్ అవుతాయో లేదో చెప్పమని ఐఆర్‌సీటీసీని అడుగుతూ ట్వీట్ చేశారు. టికెట్ వివరాలతో పాటు మొబైల్ నంబర్ కూడా అందులోనే పెట్టారు. కాసేపటికి ఫోన్ వచ్చింది. లింకులో వివరాలు నింపి, 2 రూపాయలు చెల్లిస్తే చాలన్నారు. చివరికి ఖాతాలోంచి సుమారు రూ.64 వేలు పోయాయి. సోషల్ మీడియాలో వ్యక్తిగత వివరాలు పెట్టొద్దని ఆ తర్వాత ఐఆర్‌సీటీసీ ప్రయాణికులను హెచ్చరించింది.

అంత త్వరగా ఎలా దొరికిపోతాం?

ఎక్స్‌లో ఎవరైనా ఏ పదాన్నైనా వెతకొచ్చు. ఒక సంస్థ హ్యాండిల్, దాని పక్కన ‘రిఫండ్’, ‘ఫెయిల్డ్’, ‘హెల్ప్’ లాంటి మాట పెట్టి, ‘లేటెస్ట్’ ట్యాబ్ నొక్కితే ఆ నిమిషంలో పడిన ఫిర్యాదులన్నీ వరసగా కనిపిస్తాయి. ఈ వెతుకులాట, మొదటి జవాబు రెండూ చిన్న ప్రోగ్రామ్‌తో నడిపేయొచ్చు. మనిషి రంగంలోకి దిగేది మీరు డీఎంలో ‘హలో’ అన్నాకే. అసలు సంస్థలో మీ పోస్టు వరసలో నిలబడి సిబ్బంది దగ్గరికి చేరేలోపు దొంగ జవాబు వచ్చేస్తుంది.

పైగా మనం పెట్టిన స్క్రీన్‌షాటే వాళ్లకు సగం పని చేసి పెడుతుంది. అందులో కట్ అయిన మొత్తం, టైమ్, బ్యాంకు పేరు, యూపీఐ ఐడీ ఉంటాయి. చాలామంది యూపీఐ ఐడీ వాళ్ల మొబైల్ నంబరే కాబట్టి, పోస్టులో నంబర్ రాయకపోయినా ఇచ్చేసినట్టే! ‘మీకు రాత్రి 9:12కి రూ.830 కట్ అయ్యాయి కదండీ’ అని అవతలివాడు అంటే, ‘ఇవన్నీ ఇతనికి తెలుసంటే కచ్చితంగా ఆఫీసు మనిషే’ అనుకుంటాం. కానీ ఆ సంగతి చెప్పింది మనమే.

డీఎంకి రమ్మన్న ప్రతివాడూ దొంగ కాదు

‘ప్రైవేట్ చాట్‌కి రమ్మంటే మోసమే’ అని చాలామంది చెబుతుంటారు. ఈ సూత్రం ఒక్కటే పట్టుకుంటే చిక్కే. రైల్వే ఫిర్యాదులు చూసే అసలు ఖాతా @RailwaySeva కూడా పీఎన్ఆర్, మొబైల్ నంబర్ డీఎంలో పంపమనే అడుగుతుంది. నలుగురూ చూసేచోట మీ నంబర్ కనిపించకూడదనే అలా అడుగుతారు. బ్యాంకులు, టెలికాం కంపెనీల సపోర్ట్ టీములదీ ఇదే పద్ధతి. దొంగలు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, అసలువాళ్లు మాట్లాడే తీరునే కాపీ కొట్టారు. కాబట్టి చూడాల్సినవి రెండు: పిలిచింది ఎవరు, పిలిచి ఏం అడుగుతున్నారు.

ఎవరన్నది తేల్చడానికి పేరును నమ్మొద్దు, హ్యాండిల్ చూడండి. ఎక్స్‌లో పైన ముదురు అక్షరాల్లో కనిపించే పేరును ఎవరైనా ఎలాగైనా మార్చుకోవచ్చు. ‘ఐఆర్‌సీటీసీ కస్టమర్ కేర్’ అని మీరూ పెట్టుకోవచ్చు, లోగో కూడా తగిలించుకోవచ్చు. @ గుర్తు తర్వాత ఉండే హ్యాండిల్ మాత్రం ఒక్కొక్కరికి ఒక్కటే. అందుకే దొంగలు దాన్ని అసలుదానికి దగ్గరగా తయారుచేస్తారు. ఒక అండర్‌స్కోర్ చేరుస్తారు, చివర ఒక అంకె పెడతారు, లేదా పెద్ద ఐ బదులు చిన్న ఎల్ వాడతారు. ఈ రెండూ పక్కపక్కన చూడండి:

```
IRCTCofficial
lRCTCofficial
```

మొదటి దానిలో మొదటి అక్షరం ఐ, రెండో దానిలో ఎల్. చాలా ఫోన్లలో ఈ రెండింటికీ తేడా కనిపించదు. అందుకే కంటితో పోల్చడం కన్నా మంచి పద్ధతి ఇంకోటుంది. వచ్చిన జవాబును వదిలేసి, ఆ సంస్థ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో ఉన్న ఎక్స్ గుర్తు నొక్కి, అక్కడి నుంచి వాళ్ల ఖాతాకు మీరే వెళ్లండి. మీకు జవాబిచ్చింది ఆ ఖాతానా కాదా అన్నది అక్కడ తేలిపోతుంది.

బ్లూ టిక్ ఉంది కదా అంటారా? నెలనెలా డబ్బు కట్టేవాళ్లకు ఎక్స్ బ్లూ టిక్ ఇస్తోంది. 2022 చివరి నుంచీ ఇదే తీరు. కాబట్టి అది సంస్థకు గుర్తింపు కాదు. గుర్తింపు పొందిన సంస్థలకు బంగారు రంగు, ప్రభుత్వ ఖాతాలకు బూడిద రంగు టిక్ ఉంటుంది. ప్రొఫైల్ తెరిచినప్పుడు ఖాతా మొదలైన నెల, పాత పోస్టులు కూడా చూడండి. నెల క్రితం పుట్టి, అందరికీ ‘డీఎం చేయండి’ అని జవాబులివ్వడం తప్ప సొంత పోస్టు ఒక్కటీ లేని ఖాతా ఏ రైల్వేదీ కాదు, ఏ బ్యాంకుదీ కాదు.

చాట్‌లోకి వెళ్లాక ఏం జరుగుతుంది?

మొదట పేరు, నంబర్, సమస్య అడుగుతారు. ఇంతవరకు అసలు చాట్‌కీ దీనికీ తేడా లేదు. తర్వాత ‘మా అధికారి వాట్సాప్‌లో మాట్లాడతారు’ అంటారు. ఎక్స్‌లో ఖాతాపై రిపోర్ట్ కొడితే మూతపడొచ్చు, అందుకే అక్కడి నుంచి తొందరగా బయటికి లాగుతారు. వాట్సాప్‌లో ఐడీ కార్డు ఫొటో ఒకటి వస్తుంది. దాని వెనకే ఫోన్ కాల్. అక్కడినుంచి కథ మూడు దారుల్లో ఏదో ఒకదానిలో నడుస్తుంది.

మొదటిది అమౌంట్ గడి. ‘మీ రిఫండ్ కోడ్ 19850. యూపీఐ యాప్‌లో ఈ నంబర్ కొట్టి, వెరిఫికేషన్ కోసం పిన్ ఎంటర్ చేయండి’ అంటారు. మీరు కోడ్ అనుకుని కొట్టింది అమౌంట్ గడిలో. అంటే రూ.19,850 మీ చేత్తోనే పంపేశారు. యూపీఐ పిన్ అడిగేది డబ్బు మీ ఖాతా నుంచి వెళ్లడానికి, లేదా బ్యాలెన్స్ చూడటానికి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

రెండోది ఏపీకే ఫైల్. ‘రిఫండ్ ఫారం’ పేరుతో వాట్సాప్‌లో ఒక యాప్ పంపి ఇన్‌స్టాల్ చేయమంటారు. అది ఎస్ఎంఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ‘అలో’ నొక్కితే బ్యాంకు పంపే ఓటీపీలు మీరు చెప్పకుండానే వాళ్లకు చేరిపోతాయి. లోపలి ఫారంలో కార్డు నంబర్, పిన్ మీరే నింపుతారు. ఇంక వాళ్లకు కావాల్సింది ఏముంది?

మూడోది స్క్రీన్ షేరింగ్. ‘ఎక్కడ ఆగిందో చూస్తాం’ అంటూ ఎనీడెస్క్ లాంటి యాప్ వేయమంటారు. అది మంచి పనులకు వాడే అసలైన యాపే. కానీ దాని కోడ్ చెప్పారంటే, మీ తెర మీద కనిపించేదంతా అవతలివాడికీ కనిపిస్తుంది, వచ్చిన ఓటీపీతో సహా.

అసలు సపోర్ట్ ఉద్యోగికి కావాల్సింది ట్రాన్సాక్షన్ ఐడీ లేదా పీఎన్ఆర్, మీ నంబర్. మిగతా రికార్డు అతని కంప్యూటర్లోనే ఉంటుంది. పిన్, ఓటీపీ, యాప్ ఇన్‌స్టాల్, రూపాయైనా చెల్లింపు... వీటిలో ఏది అడిగినా చాట్ మూసేయండి.

అసలు ఆ రూ.830 సంగతేంటి?

మోసగాడికి పెట్టుబడి మన గాభరాయే. డబ్బు ఎలా వెనక్కి వస్తుందో తెలిస్తే ఆ గాభరా సగం తగ్గుతుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, యూపీఐలో మీ ఖాతా నుంచి డబ్బు కట్ అయి వ్యాపారి దగ్గర చెల్లింపు ఖరారు కాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు అది దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలి. డబ్బు ఐఆర్‌సీటీసీకి చేరి టికెట్ తయారుకాకపోతే, ఆ సంస్థే మీరు కట్టిన ఖాతాకు తిరిగి పంపుతుంది. ఎలా చూసినా మీరు నింపాల్సిన ఫారం ఏదీ లేదు. ఐఆర్‌సీటీసీ ఖాతాలోని ఫెయిల్డ్ ట్రాన్సాక్షన్, రిఫండ్ హిస్టరీలు చూసుకోండి. రాకపోతే యూపీఐ యాప్‌లో అదే లావాదేవీ తెరిచి ఫిర్యాదు పెట్టండి. పరీక్ష ఫీజు కట్టేటప్పుడు డబ్బు ఇరుక్కున్నా ముందు ఈ దారినే వెళ్లండి.

సోషల్ మీడియాలో అడగాల్సే వస్తే అడగండి, తప్పేం లేదు. సమస్య మాత్రమే రాయండి. నంబర్, స్క్రీన్‌షాట్, హాల్‌టికెట్, అప్లికేషన్ నంబర్ పెట్టొద్దు. జవాబు కోసం ఎదురుచూడకుండా, పైన చెప్పినట్టు అసలు ఖాతాకు మీరే వెళ్లి డీఎం చేయండి.

డబ్బు పోతే...

అప్పుడు నిమిషాలే లెక్క. ముందు 1930కి ఫోన్ చేయండి. ఏ జిల్లాలో ఉన్నా నంబర్ ఇదే. ఆ లావాదేవీ యూటీఆర్ నంబర్ (యూపీఐ అయితే 12 అంకెలు), టైమ్, మొత్తం దగ్గర పెట్టుకోండి. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన ఖాతాలో ఇంకా మిగిలి ఉన్నంత మేర ఆపే ప్రయత్నం చేస్తారు. మోసగాడు దాన్ని ఖాతాల మీద ఖాతాలు మార్చి, ఏటీఎంలో తీసేశాక ఆపడానికి ఏమీ మిగలదు. తర్వాత cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి.

బ్యాంకుకు చెప్పడమూ అంతే ముఖ్యం. 2017 జులై 6 నాటి రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం, పిన్, ఓటీపీ లాంటివి మనమే ఇచ్చి ఉంటే బ్యాంకుకు తెలియజేసే వరకు జరిగిన నష్టం మనదే. తెలియజేశాక మన అనుమతి లేకుండా పోయే డబ్బుకు బ్యాంకే బాధ్యత వహించాలి. కాబట్టి ఫిర్యాదు నంబర్, టైమ్ రాసి పెట్టుకోండి.

ఏపీకే వేసి ఉంటే వెంటనే ఫోన్‌లో నెట్, సిగ్నల్ రెండూ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి కార్డు, యూపీఐ బ్లాక్ చేయించండి. సిగ్గుపడి చాట్ డిలీట్ చేయొద్దు. ఆ ప్రొఫైల్ లింకు, హ్యాండిల్, వాట్సాప్ నంబర్ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. దొంగ ఎప్పుడైనా ఖాతా పేరు మార్చేయగలడు, కాబట్టి ఆధారం మీ ఫోన్‌లోనే ఉండాలి. ఆ తర్వాతే ఖాతాను ఎక్స్‌లో రిపోర్ట్ కొట్టండి.