ఛాసిస్ నంబర్‌లో మొదటి అక్షరం

కారు ఆర్‌సీలో ఛాసిస్ నంబర్ అన్నచోట అంకెలు, ఇంగ్లిషు అక్షరాలు కలిసిన 17 గుర్తుల వరుస ఉంటుంది. బయటి దేశాల్లో దాన్ని విన్ అంటారు. అందులో మొదటి గుర్తు చూస్తే ఆ కారు ఏ దేశానిదో చాలావరకు తెలిసిపోతుంది. J జపాన్‌ది, W జర్మనీది, L చైనాది. 1, 4, 5 అమెరికావి, 2 కెనడాది.

బండి మీద ఉన్న కంపెనీ పేరుకీ ఈ గుర్తుకీ పొంతన ఉండాలని లేదు. హోండా జపాన్ కంపెనీయే అయినా, ఒహాయోలో తయారైన సివిక్ నంబర్ 1HGతోనూ, కెనడాలోని ఆంటారియోలో తయారైనది 2HGతోనూ మొదలవుతుంది. 2017లో అమెరికా మార్కెట్‌కి వచ్చిన సివిక్ టైప్ ఆర్ బ్రిటన్‌లోని స్విండన్ ఫ్యాక్టరీలో తయారైంది కాబట్టి దానిది SHH. 2021లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాతి తరం టైప్ ఆర్ జపాన్‌లో తయారవుతోంది, అందుకే దాని నంబర్ JHMతో మొదలవుతుంది. ఫ్యాక్టరీ మారిన సంగతి కారు నంబరే చెబుతోందన్నమాట.

మన దగ్గరికి వస్తే ఒక్క అక్షరం సరిపోదు. మన కార్లకు మొదట ఉండే M ఇండోనేషియా, థాయ్‌లాండ్‌లకూ ఉంది. రెండో అక్షరం కలిపి చదివితేనే దేశం తేలుతుంది. MH ఇండోనేషియాది, MR థాయ్‌లాండ్‌ది. MA నుంచి ME వరకు మనవే. మారుతి కార్లకు కనిపించే MA3 ఆ కోవలోదే. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కార్లది MZB. MZ కూడా భారత్‌కి కేటాయించినదే.

అయితే ఈ లెక్క తప్పే చోటు ఒకటుంది. బీఎండబ్ల్యూ X5ని అమెరికాలోని స్పార్టన్‌బర్గ్‌లో తయారు చేస్తారు. అమెరికాలో అమ్మే బండి నంబర్ 5UXతో మొదలవుతుంది. అదే ఫ్యాక్టరీ నుంచి యూరప్‌కి వెళ్లిన బండ్ల మీద మాత్రం WBA అని ఉంటుంది. W చూసి జర్మనీలో తయారైందనుకుంటే పొరపాటే. మొదటి మూడు గుర్తులూ అసలు తయారీదారుకి కేటాయించిన కోడ్. బీఎండబ్ల్యూ తన జర్మనీ కోడ్‌నే ఆ బండ్లకూ వాడింది.

అలాంటప్పుడు పదకొండో గుర్తు చూడాలి. 2006 నుంచి 2013 దాకా వచ్చిన X5 తరంలో అక్కడ L ఉంటే అది స్పార్టన్‌బర్గ్ బండి. అమెరికాలో అమ్మే కార్లకు ఆ స్థానం ఫ్యాక్టరీ గుర్తుకే కేటాయించాలని నిబంధన ఉంది. ఏ అక్షరం ఏ ఫ్యాక్టరీదో మాత్రం ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి ఆ కంపెనీ జాబితాతోనే సరిచూసుకోవాలి.