కల అన్నారు సరే, మరి తగిలిన దెబ్బలు?

'మిస్టర్ రోబో' అనే అమెరికన్ సిరీస్ రెండో సీజన్‌లో హీరో ఎలియట్ కంప్యూటర్ జోలికి వెళ్లకుండా తల్లి ఇంట్లో ఉంటున్నానని చెబుతాడు. రోజూ లియాన్ అనే స్నేహితుడితో హోటల్లో తింటాడు, రే అనే పెద్దమనిషితో చదరంగం ఆడతాడు. ఏడో ఎపిసోడ్‌లో అసలు సంగతి బయటపడుతుంది. అతనున్నది జైల్లో. లియాన్ తోటి ఖైదీ, రే జైలు అధికారి. ఎలియట్ ఇన్నాళ్లూ మనకి అబద్ధం చెప్పాడు.

చిక్కంతా ఇక్కడే. చోటు అబద్ధం గానీ, జరిగినవి చాలావరకు నిజమే. రే మనుషులు అతన్ని చితకబాదడం నిజం. చదరంగమూ నిజమే. అంటే ప్రేక్షకుడు ఆ ఎపిసోడ్లను మొత్తంగా కొట్టిపారేయలేడు. ఒక్కో సన్నివేశం నుంచి ఇంటిని తీసేసి, ఆ స్థానంలో జైలు గది పెట్టి, మిగతాది అలాగే ఉంచుకోవాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? ఆరు ఎపిసోడ్లు కళ్లారా చూసిన ఇంటిని కాసేపట్లో ఇచ్చిన వివరణ చెరిపేయలేదు. కొన్నాళ్ల తర్వాత లియాన్ పేరు వినగానే మనసులో మెదిలేది ఆ హోటల్ బల్లే.

జ్ఞాపకం మీద 'ఇది నిజం', 'ఇది ఊహ' అని ముద్ర ఉండదని అమెరికన్ మనస్తత్వవేత్త మార్సియా జాన్సన్ 1980ల నుంచీ చెబుతూ వచ్చారు. గుర్తు చేసుకునేటప్పుడు మనం వివరాలను బట్టి తేల్చుకుంటాం. రంగు, శబ్దం, చోటు స్పష్టంగా ఉంటే జరిగిందనుకుంటాం, మసకగా ఉంటే అనుకున్నదేమో అనుకుంటాం. మామూలు జీవితంలో ఈ లెక్క చాలావరకు పనిచేస్తుంది. తెరమీద పనిచేయదు. కలనీ నిజాన్నీ తీసింది అదే కెమెరా, అదే వెలుతురు, అదే నటులు.

దీనికి రుజువు అదే సీజన్‌లో ఉంది. ఆరో ఎపిసోడ్ మొదట్లో కథ ఉన్నట్టుండి పాతకాలపు కామెడీ సీరియల్‌లా మారిపోతుంది, వెనక నుంచి నవ్వులు కూడా వినిపిస్తాయి. దెబ్బలు తింటున్న ఎలియట్‌కి అది మనసు కల్పించిన ఆశ్రయం. అది ఊహేనని ఎవరూ మర్చిపోరు. దాని వాలకమే వేరు కాబట్టి ఆ తేడా కూడా జ్ఞాపకంలో భాగమైపోతుంది. తల్లి ఇంటికి అలాంటి గుర్తేదీ లేదు. రెండోసారి చూస్తే మాత్రం ఆనవాళ్లు దొరుకుతాయి. అతను ఎక్కడికీ వెళ్లడు, చూడాలనుకున్నవాళ్లే వచ్చి ఎదురుగా కూర్చుంటారు.

సీజన్ మొత్తాన్నీ కల అనేస్తే గొడవ ఉండదు కదా అనిపించవచ్చు. 'డాలస్' సీరియల్ అదే చేసింది. 1985లో చనిపోయిన బాబీ 1986లో స్నానం చేస్తూ కనిపించాడు, మధ్యలో ఏడాది కథంతా పామ్ కన్న కలన్నారు. అయితే బాబీ అన్న గ్యారీ కథ 'నాట్స్ ల్యాండింగ్' అనే మరో సీరియల్‌లో నడుస్తోంది. అక్కడ గ్యారీ తమ్ముడి చావుకి ఏడ్చాడు. ఆ సీరియల్ వాళ్లు దాన్ని కల అనలేదు, బాబీని బతికించనూ లేదు.