గేదె గట్టెక్కకపోతే ఏడు నెలలు ఆదా

హన్మకొండలో ఒక బడి టీచరు, గుంటూరులో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నారనుకుందాం. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు, ఇద్దరికీ బొమ్మలు వేయడం వచ్చు. సొంతూళ్లో పిల్లల గ్రంథాలయం కోసం ఐదు నిమిషాల యానిమేషన్ సినిమా ఒకటి చేసిపెడతామని మాటిచ్చారు. డబ్బులేమీ లేవు, ఖాళీ దొరికినప్పుడే పని. కథ చిన్నదే. ఎండాకాలం చెరువులో దిగిన గేదె ఎంత పిలిచినా బయటికి రాదు. దాన్ని గట్టెక్కించడానికి ఒక కుర్రాడూ ఒక కాకీ నానా పాట్లూ పడతారు. ఎన్నాళ్లు పడుతుందని అడిగితే ఇద్దరూ ఒకే మాట చెప్పారు: ఏడాది.

ఆ ఏడాది లెక్కలోంచి వచ్చింది కాదు, ఆశలోంచి వచ్చింది. ఇలా మొదలైన సినిమాలు సగంలో ఆగిపోవడానికి ప్రతిభ లేకపోవడం కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. అందుకని తేదీ సంగతి పక్కనపెట్టి ముందు పని ఎంతుందో చూద్దాం.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఐదు నిమిషాలంటే 7,200. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపినా, చేత్తో గీసేవాళ్లకు 3,600 బొమ్మలు. ఈ అంకె చూసి భయపడటం తప్ప దానితో ప్రణాళిక వేయలేం. మన స్నేహితులు ఎటూ ప్రతి బొమ్మా గీయరు. కాళ్లు, చేతులు, తల విడివిడి ముక్కలుగా గీసి, కీళ్ల దగ్గర కలిపి, కంప్యూటర్లో కదిలించే కటౌట్ పద్ధతి ఎంచుకున్నారు. మన తోలుబొమ్మలాటలో బొమ్మకు కీళ్లు కట్టినట్టే. అందుకని వాళ్లు లెక్క వేయాల్సింది ఫ్రేముల్లో కాదు, షాట్లలో.

పేర్లకు 20 సెకన్లు పోతే మిగిలేవి 280 సెకన్లు. షాటు సగటున ఐదు సెకన్లు అనుకుంటే 56 షాట్లు. స్టోరీబోర్డు ముందు పెట్టుకుని వాటిని మూడు కుప్పలు చేయాలి. కాకి కళ్లార్పడం, చెరువు మీద కెమెరా మెల్లగా జరగడం లాంటివి సులువు షాట్లు. కుర్రాడు తాడు విసరడం, గేదె తల తిప్పడం మధ్యరకం. గేదె నాలుగు కాళ్లతో నడిచేవి, నీళ్లు ఎగజిమ్మేవి కష్టమైనవి. నాలుగు కాళ్ల నడక గీసి చూసినవాళ్లకే తెలుస్తుంది. బరువు ఏ కాలి మీద ఉందో ఒక్కచోట తప్పినా గేదె మంచు మీద జారుతున్నట్టు కనిపిస్తుంది.

వాళ్ల మొదటి పంపకంలో సులువువి 22, మధ్యరకం 24, కష్టమైనవి 10 వచ్చాయి. షాటుకు వరుసగా 3, 8, 18 గంటలు వేసుకుంటే బొమ్మలు కదిలించడానికే 438 గంటలు. కథ, బొమ్మల రూపకల్పన, స్టోరీబోర్డు కలిపి 90. బ్యాక్‌గ్రౌండ్లు, కీళ్లు కట్టడం, అన్నిటినీ ఒకచోట కూర్చడం, శబ్దం కలిపి 250. మొత్తం 778.

ఇప్పుడు చేతిలో ఉన్న సమయం చూద్దాం. వారానికి ఎనిమిది గంటలు ఇవ్వగలనని ఎవరికి వారు అంటారు. ఆ ఎనిమిదిలో ఫైలు వెతుక్కోవడం, కిందటివారం ఎక్కడ ఆపామో గుర్తుచేసుకోవడం, ఫోన్లో మాట్లాడుకోవడం పోగా కుర్చీలో కూర్చుని పనిచేసేది ఐదే. ఇద్దరికీ కలిపి పది. పైగా ఏడాదికి 52 వారాలు దొరకవు. మార్చిలో బ్యాంకాయనకు సంవత్సరాంతపు లెక్కలు, టీచరమ్మకు పది పరీక్షలు, ఆ తర్వాత పేపర్లు దిద్దడం. సంక్రాంతి, దసరా, చుట్టాల పెళ్లిళ్లు ఎటూ ఉంటాయి. నిజాయతీగా గీతలు కొట్టేస్తే క్యాలెండర్లో 40 వారాలు మిగిలాయి. అనుకోని వాటికి 15 శాతం కలిపితే 778 గంటలు దాదాపు 895 అవుతాయి. వారానికి పది చొప్పున 89 వారాలకు పైనే, అంటే రెండేళ్ల మూడు నెలలు.

ఇక్కడ చాలామంది రాత్రుళ్లు మేలుకుందామని తీర్మానిస్తారు. అది ఆరు వారాలు సాగుతుంది. కోత కొయ్యాల్సింది నిద్రలో కాదు, కథలో. అందుకు సరైన చోటు యానిమాటిక్. స్టోరీబోర్డు బొమ్మలను వరుసగా పేర్చి, ఒక్కోటీ ఎన్ని సెకన్లు ఉండాలో అన్నిసేపే నిలిపి, తమ గొంతులతోనే మాటలు రికార్డు చేసి కలిపితే సినిమా మొత్తం ఐదు నిమిషాల్లో చూడొచ్చు. దీన్నే మొదటి మైలురాయిగా పెట్టుకోవాలి. ఇక్కడ ఒక షాటు తీసేస్తే పోయేది కాగితం మీది బొమ్మే. యానిమేషన్ అయ్యాక తీసేస్తే పోయేది 18 గంటలు, దాంతోపాటు చేసినవాళ్ల ఉత్సాహం కూడా.

లాట్వియాకు చెందిన గింట్స్ జిల్బలోదిస్ ‘అవే’ అనే పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాన్ని మూడున్నరేళ్లలో ఒక్కడే చేశాడు. అది 2019లో వచ్చింది. అందులో ఒక్క మాట కూడా లేదు. పెదవుల కదలికను మాటతో కలిపే పని మొత్తం దాంతో తప్పిపోయింది. ఒంటరిగా చేసేవాడికి అలాంటి నిర్ణయం కళకు ఎంత సంబంధించిందో గడువుకూ అంతే సంబంధించింది.

మన ఇద్దరూ యానిమాటిక్ చూస్తూ అలాంటి నిర్ణయాలే తీసుకున్నారు. గేదె మెడ దాకా నీళ్లలోనే ఉంటుంది, కాళ్లు కనిపించవు. కుర్రాడు నీళ్లలో పడేటప్పుడు తెరమీద ఉండేది కాకి ముఖం. ‘దబ్బు’మన్న చప్పుడు వినిపిస్తుంది, తర్వాతి షాటులో కుర్రాడు తడిసి ఉంటాడు. చివర్లో గేదె గట్టెక్కదు, కుర్రాడే దాని పక్కన చల్లగా కూర్చుంటాడు. నిజం చెప్పాలంటే మొదటి ముగింపు కంటే ఇదే బాగుంది. కథంతా ఒక్క చెరువు దగ్గరే కాబట్టి బ్యాక్‌గ్రౌండ్లూ తగ్గాయి.

కొత్త పంపకంలో సులువువి 32, మధ్యరకం 20, కష్టమైనవి 4. యానిమేషన్ 328 గంటలకు, మిగతా పనులు 250 నుంచి 170కి దిగాయి. మొదట్లో చేసే 90 గంటల పనిని మాత్రం తగ్గించలేదు, తగ్గించకూడదు కూడా. మొత్తం 588, అదనపు 15 శాతంతో 676. అంటే దాదాపు 68 వారాలు, క్యాలెండరు ప్రకారం 20 నెలలు. ఒక్క సెకను నిడివి తగ్గకుండా ఏడు నెలలు మిగిలాయి.

అయితే ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. ఇద్దరి గంటలనూ కలిపేశాం గానీ పని అలా కలవదు. టీచరమ్మ బొమ్మలు కదిలిస్తుంది, బ్యాంకాయన బ్యాక్‌గ్రౌండ్లు వేసి, అన్నీ కూర్చి, శబ్దం చూస్తాడు అనుకుంటే, మొదట్లో పనిలో చెరిసగంతో కలిపి ఆమెకు 373 గంటలు, ఆయనకు 215 పడతాయి. ఆయన పని ముగించుకుని ఖాళీగా కూర్చున్నా ఆమెకు ఇంకా నెలల పని ఉంటుంది. అలాంటి సినిమాలో మొదట అలిసిపోయేదీ, మానేసేదీ ఆమే. కాబట్టి 32 సులువు షాట్లూ (96 గంటలు) ఆయనకే ఇచ్చేశారు. అప్పుడు ఆమెకు 277, ఆయనకు 311. శబ్దం పనిలో ఆమె ఒక చెయ్యి వేస్తే సరిపోతుంది. ఒకరికి జ్వరమొస్తే రెండోవారు పని అందుకోవాలి కాబట్టి ఫైళ్లన్నీ ఇద్దరికీ అందే చోట, ఇద్దరికీ తెలిసిన పద్ధతిలో పేర్లు పెట్టి ఉంచాలి. `sh032_anim_v04` అంటే 32వ షాటు, యానిమేషన్ దశ, నాలుగో ప్రతి. ‘ఫైనల్’ అన్న మాటను ఫైలు పేరులో పెట్టకపోవడమే మేలు, ఎందుకంటే ఆ తర్వాత ఇంకోటి తప్పకుండా వస్తుంది.

ఇక తేదీలు. జూన్‌లో మొదలుపెడితే ఆగస్టు చివరికి యానిమాటిక్ ఖాయం కావాలి. ఆ రోజు తర్వాత కొత్త షాటు చేర్చాలంటే అంతే గంటల పని ఇంకెక్కడో తీసేయాలి. దసరా, దీపావళి మధ్య రెండో మైలురాయి ఉంటుంది. మూడు రకాల షాట్లలో ఒక్కోటి తీసుకుని రంగులు, బ్యాక్‌గ్రౌండు, శబ్దంతో సహా పూర్తిగా ముగించాలి. మొదట అనుకున్న 3, 8, 18 అన్నవి ఊహలే కదా, వాటిని సరిచూసే చోటు ఇదే. ఏ రకంలోనైనా మొదటి షాటు అన్నిటికంటే నెమ్మదిగా సాగుతుంది కాబట్టి, దాన్ని చూసి గుండె జారనక్కర్లేదు. మూడోది ఎన్ని గంటలు తీసుకుందో అదే అసలు వేగం. మధ్యరకం షాటు ఎనిమిదికి బదులు పది తీసుకుంటోందని తేలితే 20 షాట్లకు 40 గంటలు, అంటే నాలుగు వారాలు పెరిగాయన్నమాట. తెలిసింది నవంబరులో కాబట్టి ఇంకా సర్దుకోవచ్చు. ఏ నలభై సెకన్లు తీసేసినా కథ చెడదో ముందే గుర్తుపెట్టుకుని ఉంచితే ఆ సర్దుబాటు కొట్లాట లేకుండా జరుగుతుంది.

షాట్లను కథ వరుసలో చేయకూడదు. మొదట్లో చేసినవి బిగుసుకుపోయినట్టు ఉంటాయి, చేయి తిరిగేకొద్దీ కదలిక మెరుగవుతుంది. ప్రేక్షకులు సినిమాను తూచేది మొదటి అరనిమిషంలోనే. అందుకని సినిమా మధ్యభాగంలోని షాట్లతో మొదలుపెట్టి, ప్రారంభాన్ని ఆలస్యంగా చేస్తారు. కష్టమైన నాలుగూ మాత్రం ఆఖరికి మిగలకూడదు. వాటిని మార్చి విరామానికి ముందే ముగించడం మంచిది.

పని ఎంతవరకు వచ్చిందో చెప్పుకోవడంలోనే అసలు మోసం జరుగుతుంది. ‘ఎనభై శాతం అయింది’ అన్న మాటకు అర్థం లేదు. సులువువన్నీ ముందు అయిపోతే మిగిలిన ఇరవై శాతంలోనే సగం పని దాగి ఉండొచ్చు. అందుకే ఒక పట్టికలో 56 షాట్లకు 56 వరుసలు వేసి, షాటు పూర్తయ్యాకే దాని గంటలు కూడాలి. సగమైన షాటుకు సున్నా. దీనితోపాటు యానిమాటిక్‌లో ఆ షాటు బొమ్మ తీసేసి పూర్తయినదాన్ని పెట్టాలి. అలా చేస్తే ఏ ఆదివారమైనా సినిమా మొదటినుంచి చివరిదాకా చూసుకోవచ్చు. కొంత రంగుల్లో, కొంత పెన్సిల్ గీతల్లో ఉన్నా పూర్తి సినిమానే. వరుసగా మూడు వారాలు ఒక్క షాటూ మారలేదంటే ఎవరో ఒకరు ఎక్కడో చిక్కుకున్నారనే లెక్క. అప్పుడు గడువు గుర్తుచేయడం కాదు, ఆ షాటును రెండోవారు తీసుకోవడమో, సులువు చేయడమో జరగాలి.

రెండో ఏడాది జూన్‌కల్లా గంటల్లో సగం దాటి, నవంబరు చివరికి బొమ్మ భాగం మూతపడాలి. ఆ తర్వాత ఏ షాటునూ ముట్టుకోరు, మెరుగుపరచాలనిపించినా సరే. డిసెంబరు, జనవరి శబ్దానికి. నీళ్ల చప్పుడు, కాకి అరుపు, ముందు తమ గొంతులతో పెట్టిన మాటల స్థానంలో ఊళ్లో పిల్లల గొంతులు. ఆ పిల్లలను సంక్రాంతి సెలవుల్లోనే రికార్డు చేయాలి, ఎందుకంటే మళ్లీ మార్చి వస్తోంది.