మూడెకరాల చెరువు, ఆరున్నర మీటర్ల తొట్టి

జులైలో గోదావరికి ఎర్రనీళ్లు తగలగానే ధవళేశ్వరం దిగువన రెండు రకాల కబుర్లు మొదలవుతాయి. పులస పడిందా లేదా అన్నది ఒకటి. కుళాయి నీళ్లు రంగు మారాయన్నది రెండోది. పులస ధర గురించి పత్రికలు ఏటా రాస్తూనే ఉంటాయి కాబట్టి ఇక్కడ రెండోదాని సంగతి చూద్దాం.

ఆ ఎర్రనీళ్లను ఓ గాజు సీసాలో పట్టి కదపకుండా పెడితే, నిమిషం తిరక్కుండానే అడుగున సన్నని ఇసుక పొర పడుతుంది. గంటా రెండు గంటల్లో దాని మీద మెత్తటి ఒండ్రు చేరుతుంది. ఇంత చకచకా దిగుతోంది కదా, తెల్లారేసరికి తేటపడిపోతుందిలే అనిపిస్తుంది. తెల్లారుతుంది, నీరు మాత్రం పల్చటి టీ రంగులో అలాగే ఉంటుంది. మర్నాడూ అంతే, వారం తర్వాతా దాదాపు అంతే. బరువైన మట్టంతా మొదటి రెండు గంటల్లోనే దిగిపోయింది. మిగిలినది బంకమన్ను, తూకం వేస్తే పిసరంత. నీటిని మబ్బుగా ఉంచేది ఆ పిసరే.

రేణువు నీటిలో ఎంత వేగంగా దిగుతుందో లెక్కగట్టే సూత్రాన్ని జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ 1851లో ప్రచురించాడు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది ఆ మరుసటి ఏడే. స్టోక్స్ మనసులో బురద నీళ్లేమీ లేవు. గాలిలో ఊగే లోలకం ఎందుకు నెమ్మదిస్తుందన్నది ఆయన ప్రశ్న. ఆ లెక్కే తర్వాత నీటి ఇంజనీర్లందరికీ దారి చూపింది.

అందులోని కిటుకు ఇది. రేణువు అడ్డుకొలత సగమైతే దాని బరువు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. నీరు దాన్ని అడ్డుకునే బలం మాత్రం సగమే తగ్గుతుంది. కిందికి లాగేది ఎనిమిదో వంతుకు పడిపోయి, ఆపేది సగానికే తగ్గితే, దిగే వేగం నాలుగో వంతు అవుతుంది. అంటే సైజు పదో వంతైతే వేగం నూరో వంతు.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఒక మీటరు లోతున్న నిశ్చలమైన నీరు తీసుకుందాం. మిల్లీమీటరులో పదో వంతున్న సన్న ఇసుక రేణువు పైనుంచి అడుగుకు చేరడానికి సుమారు రెండు నిమిషాలు చాలు. దానికి పదో వంతైన ఒండ్రు రేణువుకు మూడు గంటలు కావాలి. అందులోనూ పదో వంతైన బంకమన్ను రేణువు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండేది, దిగడానికి దాదాపు పదమూడు రోజులు పడుతుంది. ఈ లెక్క 20 డిగ్రీల నీటికి. మన 30 డిగ్రీల నీరు ఇంకాస్త పల్చన, అందులో వేగం నాలుగో వంతు పెరుగుతుంది. పదమూడు రోజులు పది రోజులవుతాయి, అంతే.

ఆ పది రోజులూ నీరు నిజంగా కదలకుండా ఉండాలి. మంచినీళ్ల చెరువు మీద చిన్న గాలి వీచినా, ఎండకు పై నీరు వేడెక్కి రాత్రికి చల్లబడి కిందికి మళ్లినా, ఆ కదలిక ముందు రోజుకు పది సెంటీమీటర్లయినా దిగలేని రేణువు ఏ మూలకు? మిల్లీమీటరులో పదివేలో వంతు రేణువులైతే దిగనే దిగవు. నీటి అణువుల తాకిడికే అటూ ఇటూ ఊగిసలాడుతూ ఉండిపోతాయి.

సరే, చిన్నవి రెండు కలిసి పెద్దదైతే దిగుతాయి కదా, వాటంతట అవి ఎందుకు కలవవు? బంకమన్ను రేణువుల ఒంటి మీద రుణ విద్యుదావేశం ఉంటుంది. అన్నింటి మీదా అదే ఆవేశం కాబట్టి దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. నది సముద్రంలో కలిసేచోట ఈ నెట్టుడు ఆగిపోతుంది. ఉప్పునీటిలోని ధనావేశపు అయాన్లు రేణువుల చుట్టూ మూగి వికర్షణను అణచేస్తాయి. రేణువులు అతుక్కుని గుంపులు కట్టి దిగుతాయి. రాజమండ్రి దగ్గర దిగని మన్నులో చాలా భాగం యానాం దిగువన మడ్డిగా పేరుకునేది ఇందుకే.

పటిక చేసేదీ అదే పని, కాకపోతే చాలా తక్కువ మోతాదుతో. ఉప్పులోని సోడియంకు ఒక ధనావేశం ఉంటే, పటికలోని అల్యూమినియంకు మూడు. ఆవేశం మూడింతలైతే ప్రభావం మూడింతలతో ఆగదు, వందల రెట్లు పెరుగుతుంది. అందుకే లీటరుకు కొన్ని పదుల మిల్లీగ్రాములు సరిపోతాయి.

పటిక ఇంకో పని కూడా చేస్తుంది, నీటిశుద్ధి కేంద్రాల్లో ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. నీటిలో సహజంగా ఉండే క్షారగుణంతో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అనే తెల్లటి జిగురుగా మారుతుంది. పాలు విరిగినట్టు నీళ్లలో తునకలు తునకలుగా ఏర్పడే ఈ జిగురును అక్కడి ఆపరేటర్లు ‘ఫ్లాక్’ అంటారు. అది దిగుతూ దిగుతూ దారిలో ఉన్న సన్నటి మన్నునంతా తనకు అంటించుకుని పోతుంది.

ఫ్లాక్ తునక మిల్లీమీటరు దాకా పెరగవచ్చు. ఆ సైజు ఇసుక రేణువైతే క్షణాల్లో మునుగుతుంది. ఫ్లాక్ అలా మునగదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం నీరే. బాగా కట్టిన ఫ్లాక్ సెకనుకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు దిగుతుంది. వినడానికి తక్కువే, కానీ విడిగా ఉన్న బంకమన్ను రేణువుతో పోలిస్తే ఐదు వందల రెట్లకు పైమాటే.

ఈ తేడా తొట్టి కట్టేటప్పుడు ఎంత పని చేస్తుందో చూడాలంటే, ముందు 1904లో అమెరికన్ ఇంజనీరు అలెన్ హేజెన్ తేల్చిన విషయం తెలియాలి. నీరు ఆగకుండా ఒకవైపు వచ్చి మరోవైపు పోయే తొట్టిలో ఎంత మన్ను దిగుతుందన్నది లోతును బట్టి కాదు, నీటి ఉపరితల వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. మొదట వింటే నమ్మబుద్ధి కాదు. తొట్టిని రెండింతలు లోతు చేస్తే నీరు రెండింతల సేపు నిలుస్తుంది, నిజమే. రేణువు దిగాల్సిన దూరమూ రెండింతలైంది కదా! లాభమూ నష్టమూ చెల్లుకి చెల్లు.

పదివేల మంది ఉన్న ఊరు ఉందనుకుందాం. మనిషికి రోజుకు వంద లీటర్ల చొప్పున పది లక్షల లీటర్లు, అంటే వెయ్యి ఘనపు మీటర్లు కావాలి. పటిక లేకుండా, మిల్లీమీటరులో వెయ్యో వంతు రేణువు వరకు దించాలంటే దాదాపు పదమూడు వేల చదరపు మీటర్ల తొట్టి కావాలి. మూడెకరాల పైచిలుకు, అదీ గాలి సోకని నీరు. పటిక వేసిన నీటికి చదరపు మీటరుకు రోజుకు ముప్పై ఘనపు మీటర్ల చొప్పున వదలవచ్చు. ఆ లెక్కన ముప్పైమూడు చదరపు మీటర్లు చాలు. ఆరున్నర మీటర్ల వ్యాసమున్న గుండ్రటి తొట్టిలో పని అయిపోతుంది. దీని వెనక ఇసుక ఫిల్టరు ఉంటుంది గనుక తప్పించుకున్న ఫ్లాక్‌ను అది పడుతుంది. క్లోరిన్ చివరి మెట్టు.

ఎంత పటిక వేయాలన్నది ఏ సూత్రమూ చెప్పదు. రోజూ పరీక్షించి చూసుకోవాల్సిందే. దాన్ని జార్ టెస్ట్ అంటారు. ఆరు గాజు పాత్రల్లో లీటరు చొప్పున నది నీరు పోసి 10, 20, 30 అంటూ 60 మిల్లీగ్రాముల దాకా పటిక వేస్తారు. ఒక నిమిషం గబగబా తిప్పుతారు, పటిక అంతటా పాకడానికి. తర్వాత పావుగంట, ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పుతారు, తునకలు ఒకదానికొకటి తగిలి పెరగడానికి. ఆపైన ఆపేసి అరగంట చూస్తారు. ఒక వరద రోజున ఇలా జరిగిందనుకోండి: 10 వేసిన పాత్రలో మార్పు లేదు. 20లో గుండుసూది మొనంత తునకలు ఏర్పడి దిగకుండా తేలుతున్నాయి. 40 దగ్గర ఫ్లాక్ పెద్దదై పైన నీరు తేటపడింది. 50 వేసినా అంతకంటే మెరుగు లేదు. 60లో మళ్లీ కాస్త మబ్బు. ఆ రోజు మోతాదు 40. మన ఊరి పది లక్షల లీటర్లకు నలభై కిలోలు.

ఆ 60 దగ్గరి మబ్బు చాలామందికి అర్థం కాదు. పటిక మరీ ఎక్కువైతే రేణువులు రుణావేశం పోగొట్టుకుని అక్కడితో ఆగవు. ధనావేశాన్ని మీద వేసుకుని మళ్లీ ఒకదాన్నొకటి నెట్టుకోవడం మొదలుపెడతాయి. నీరు ఎర్రగా ఉంది, ఇంకో బస్తా వేద్దాం అన్న తొందరకు ఇలా ఎదురుదెబ్బ తగులుతుంది.

వరద రోజుల్లో ఇంకో చిక్కుంది. ఒక మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము క్షారాన్ని తినేస్తుంది. ఆ క్షారం అయిపోతే జిగురు ఏర్పడదు, నీరు పులిసి పటిక అందులోనే కరిగి ఉండిపోతుంది. వాన నీటితో పల్చబడిన వరద నీటిలో క్షారం మామూలు కన్నా తక్కువ. పటిక ఎక్కువ అవసరమయ్యేదీ అప్పుడే. అందుకే సున్నం కలపాల్సి వస్తుంది. పటిక పెంచినా తునకలు కట్టకపోతే, ముందు చూడాల్సింది బస్తాల లెక్క కాదు, నీటి పీహెచ్. అది ఆరుకూ ఏడున్నరకూ మధ్య ఉంటే మంచిది.

ఇంట్లో బిందె నీళ్లలో పటిక ముక్క తిప్పే అలవాటుకూ ఇదే లెక్క. ఇరవై లీటర్ల నీటికి గ్రాము, గ్రామున్నర పటిక చాలు, చిటికెడు పొడి అన్నమాట. వగరు రుచి వచ్చిందంటే ఎక్కువైనట్టే. చాలామంది ముక్కను గిరగిరా తిప్పి బిందెను వదిలేస్తారు. మొదట అలా తిప్పడం సరైనదే, ఆ తర్వాత గరిటెతో పది నిమిషాలు మెల్లగా కలిపితే తునకలు పెద్దవై తొందరగా దిగుతాయి. జోరుగా కలుపుతూనే ఉంటే కట్టిన ఫ్లాక్ చిదికిపోతుంది, ఒకసారి చిదికింది అంత బాగా మళ్లీ కట్టదు. పటిక దొరకని చోట చిల్లగింజను అరగదీసి కలిపేవారు. అందులోని జిగురు పదార్థం రేణువులను పట్టి కలుపుతుంది. రెండింటిలో దేంతో తేటపరిచినా క్రిములన్నీ పోవు. అడుగు మడ్డిని కదపకుండా పై నీరు వంపుకుని, కాచుకోవడమో క్లోరిన్ వేసుకోవడమో చెయ్యాలి.

వరద తగ్గితే పని తేలికవుతుందా? పూర్తిగా కాదు. జనవరిలో నది నీరు చూడటానికి తేటగా ఉన్నా సన్నటి మసక మిగిలే ఉంటుంది. రేణువులు తక్కువ కాబట్టి ఒకదానికొకటి తగిలే అవకాశమూ తక్కువే. పటిక వేసినా తునకలు పల్చగా, తేలిగ్గా కట్టి తొట్టి దాటి ఫిల్టరు మీదికి పోతాయి. ఫిల్టరు త్వరగా మూసుకుపోయి మాటిమాటికీ వెనక్కి నీళ్లు పెట్టి కడగాల్సి వస్తుంది. అలాంటప్పుడు కొన్ని శుద్ధి కేంద్రాల్లో పటికతో పాటు కొంచెం బెంటొనైట్ బంకమన్ను కావాలని కలుపుతారు. రేణువులు తగులుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి, ఫ్లాక్‌కు కాస్త బరువూ కావాలి.