నాయిన కోసం ఉద్యోగం ఆపితే ప్రొఫైల్‌లో ఏం రాయాలి?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "ఇంట్లో బాగలేక ఉద్యోగం మానేసిన, రెండేండ్లు గ్యాప్ వచ్చింది. ఇప్పుడు ప్రొఫైల్ సమ్మరీలో ఏం రాయాలె?"

ఒక ఉదాహరణ తీసుకుందాం. మిర్యాలగూడలో ఒక చెల్లె, రైస్ మిల్లులో మూడేండ్లు అకౌంట్స్ చూసింది. 2023 ఏప్రిల్‌లో నాయినకు పక్షవాతం వచ్చింది. నల్గొండ దవాఖానకు తిప్పడం, ఫిజియోథెరపీ చేయించడం, అన్నీ ఆమే. 2025 మార్చి దాకా ఉద్యోగం లేదు.

చాలామంది చేసే తప్పు ఏందంటే, పాత ఉద్యోగం తేదీని 2025 దాకా సాగదీస్తారు. మీకు పీఎఫ్ కట్ అయి ఉంటే, యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ ఉంటయి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది చూస్తే, ఆఫర్ ఇచ్చినంక కూడా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు అడిగేది గ్యాప్ గురించి కాదు, అబద్ధం గురించి.

రెండో తప్పు, సమ్మరీని గ్యాప్‌తోనే మొదలుపెట్టడం. "కుటుంబ సమస్యల వల్ల" అని మొదటి లైన్‌లోనే ఉంటే, చదివేటోళ్లకు మీ పని కనపడదు. వరస ఇట్లుండాలె: ముందు పని, తర్వాత బ్రేక్, చివరకు ఇప్పటి పరిస్థితి.

ఆ చెల్లె ఇట్ల రాయొచ్చు:

"రైస్ మిల్లులో మూడేళ్లు అకౌంట్స్ చూశాను: టాలీలో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్న్‌లు, ఈ-వే బిల్లులు. 2023 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మా నాన్నగారి సంరక్షణ కోసం విరామం తీసుకున్నాను. ఆ సమయంలో ఒక కిరాణా షాపుకు నెలనెలా జీఎస్టీ లెక్కలు చూశాను. ఇప్పుడు పూర్తి సమయం పనికి సిద్ధంగా ఉన్నాను."

ఇంగ్లిష్‌లో రాసినా వరస ఇదే. ఇందులో జబ్బు పేరు లేదు, అది చెప్పాల్సిన అవసరం లేదు. బాధ పడినట్టు లేదు, క్షమాపణ కూడా లేదు. కిరాణా షాపు లెక్కలు నిజంగా చూసింది కాబట్టే రాసింది. మీరు అట్లాంటిది ఏదీ చేయకపోతే ఆ లైన్ తీసేయండి. ఇంటి పనికి "హోమ్ మేనేజర్" అని పెద్ద పేరు పెడితే ఇంటర్వ్యూలో మీరే ఇబ్బంది పడతరు.

లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి దీనికి ఒక ఆప్షన్ ఉంది. Experience పక్కన + నొక్కి, Add career break తీసుకుని, Caregiving ఎంచుకోండి. తేదీలు సమ్మరీలో ఉన్నవే పెట్టండి.

ఇక చివరి లైన్ చాలా ముఖ్యం. ఇంటర్వ్యూలో "మళ్లీ సెలవు పెడతరా?" అనే అనుమానం దాని మీదనే వస్తది. ఇప్పుడు నాయినను తమ్ముడు చూసుకుంటున్నడు అనుకోండి, అడిగినప్పుడు ఆ మాటే చెప్పండి. ఇంకా మీరే చూడాల్సి వస్తుంటే "పూర్తి సమయం" అని రాయకండి. "రోజుకు ఐదు గంటలు, మిర్యాలగూడలోనే" అని రాయండి. పిలిచేటోళ్లు తక్కువైతరు, కానీ పిలిచినోళ్ల దగ్గర ఉద్యోగం నిలబడతది.

మీ సమ్మరీలో ఆ నాలుగు వాక్యాలు రాసి, కింద కామెంట్‌లో పెట్టండి. కంపెనీ పేరు, ఫోన్ నంబర్ మాత్రం తీసేయండి. ఉంట మరి.