రూపాయి వడ్డీ ఎప్పుడు రూపాయిన్నర అవుతుంది?

మిర్చి పెట్టుబడికి గుంటూరు జిల్లా రైతు ఒకరు నగలు కుదువ పెట్టి లక్ష రూపాయలు తీసుకున్నారనుకుందాం. గడువు ఏడాది, వడ్డీ నూటికి నెలకు రూపాయి. నెలనెలా వెయ్యి చొప్పున కడితే ఏడాదికి 12,000 అవుతుంది.

పంట చేతికొచ్చాకే అంతా ఒకేసారి కడతానంటే లెక్క మారుతుంది. కట్టని వడ్డీని నెలనెలా అసలులో కలిపితే, చివర్లో వడ్డీ 12,683 రూపాయలు. తేడా 683 రూపాయలే, పంట డబ్బు కోసం ఆగే రైతుకు అది భారం కాదు.

అసలు దెబ్బ మరోచోట ఉంది. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు చెప్పే తక్కువ వడ్డీ, నెలనెలా కట్టేవారికే. కట్టకపోతే రేటు పెరుగుతుంది. అది రూపాయిన్నరకు చేరి, నెలనెలా అసలులో కలిస్తే ఏడాది వడ్డీ 19,562 అవుతుంది! అందుకే సంతకానికి ముందే అడగాలి: "ఏడాదిదాకా ఏమీ కట్టకపోతే, నగలు విడిపించే రోజు మొత్తం ఎంత?"

ఆ మొత్తంలో ఛార్జీలూ ఉండాలి. ప్రాసెసింగ్ ఫీజు 500 అయితే 18 శాతం జీఎస్టీతో 590. మూడు నెలలకే నగలు విడిపిస్తే, ఈ 590 ఒక్కటే ఏడాది లెక్కన 2.36 శాతం అదనపు వడ్డీతో సమానం. నోటీసు ఖర్చుల వంటివి విడిపించేటప్పుడు బయటపడతాయి. అవి ఒప్పంద పత్రంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

బాకీ పూర్తిగా తీరాక ఏడు పనిదినాల్లోపు నగలు తిరిగివ్వాలని రిజర్వు బ్యాంకు 2025 నిబంధనలు చెబుతున్నాయి. సంస్థ తప్పువల్ల ఆలస్యమైతే, రోజుకు 5,000 రూపాయల పరిహారం రుణగ్రహీతకు చెల్లించాలి.